బ్యాంకు మనతో వరస కలిపితే

2019 ఏప్రిల్ 29, సోమవారం. అమెరికాలో పెద్ద బ్యాంకుల్లో ఒకటైన చేజ్ ట్విట్టర్‌లో ఒక చిన్న సంభాషణ పెట్టింది. తెలుగులో చెప్పుకుంటే సుమారుగా ఇలా ఉంటుంది.

నువ్వు: నా ఖాతాలో డబ్బులు ఇంత తక్కువున్నాయేంటి?
బ్యాంకు ఖాతా: కాఫీ ఇంట్లో పెట్టుకో.
బ్యాంకు ఖాతా: ఫ్రిజ్‌లో ఉన్నది తిను.
బ్యాంకు ఖాతా: మూడు వీధులకు క్యాబ్ ఎందుకు?
నువ్వు: ఏమో, ఎందుకో ఎప్పటికీ తెలీదులే.
బ్యాంకు ఖాతా: నిజంగానా?

కింద #MondayMotivation అని ఒక హ్యాష్‌ట్యాగ్. కొద్ది గంటల్లోనే తిట్లు వరదలా వచ్చాయి. బ్యాంకు పోస్టు తీసేసింది. అప్పటికే దాని స్క్రీన్‌షాట్లు ఊరంతా తిరిగేశాయి. సెనేటర్ ఎలిజబెత్ వారెన్ అదే సంభాషణ పద్ధతిలో జవాబిచ్చారు. జనం దగ్గర పొదుపు ఎందుకు లేదని బ్యాంకు అడుగుతుంది. ఉద్యోగాలూ ఇళ్లూ పోగొట్టుకుని కూడా మీకు 2,500 కోట్ల డాలర్లిచ్చి ఆదుకున్నాం కదా అని పన్ను కట్టేవాళ్లు అంటారు. బతకడానికి సరిపడా జీతమివ్వడం లేదని కార్మికులు అంటారు. అంతా విని బ్యాంకు, 'ఏమో, ఎప్పటికీ తెలీదులే' అంటుంది.

కుర్రకారు గొంతు అరువు తెచ్చుకోబోయి నవ్వులపాలైన కంపెనీల జాబితా చాలా పెద్దది. అందులోంచి ఈ పోస్టునే ముందు తీయడానికి కారణముంది. ఇది సరిగ్గా రాసిన పోస్టు. 'నువ్వు', 'బ్యాంకు ఖాతా' అంటూ నాటకంలో పాత్రల్లా వరసలు పేర్చే ఆ పద్ధతి అప్పటికి ట్విట్టర్‌లో చలామణిలో ఉన్నదే. వాక్యాలు పొట్టిగా ఉన్నాయి, విరుపు చివర్లో పడాల్సిన చోటే పడింది. ఇదే సంభాషణను అప్పుల్లో ఉన్న పాతికేళ్ల పిల్ల తన మీద తానే వేసుకుని ఉంటే స్నేహితులు నవ్వి, 'నా కథా ఇదే' అని ఇంకొకరికి పంపేవారు. కాబట్టి ఇలాంటి పోస్టుల గురించి మామూలుగా చెప్పే కారణం, అంటే పెద్దవాళ్లకు పిల్లల భాష రాదు, వచ్చేసరికి పాతబడిపోతుంది అన్నది, ఇక్కడ పనికిరాదు.

ఆ కారణం పూర్తిగా తప్పనీ కాదు. చాలా సందర్భాలకు అదే సరిపోతుంది. 2005లో మెక్‌డొనాల్డ్స్ తన డబుల్ చీజ్‌బర్గర్ కోసం వెబ్‌సైట్లలో ఒక బ్యానర్ ప్రకటన ఇచ్చింది. అందులో ఒక కుర్రాడు బర్గర్‌ను చూసి 'ఐడ్ హిట్ ఇట్' అంటాడు. 'లాగించేస్తా' అన్న అర్థంలో కాబోలు రాశారు. కుర్రాళ్ల వాడుకలో ఆ మాటకు అర్థం పడకగది వ్యవహారం. బర్గర్‌తో ఏం చేస్తానంటున్నాడురా వీడు అని జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. సోషల్ మీడియా లేని రోజుల్లోనూ ఈ జబ్బు ఉంది. 1968 చివర్లో కొలంబియా రికార్డ్స్ ఒక పత్రికా ప్రకటన వేసింది. నిరసనకారుల్లా కనిపించే కుర్రాళ్లు లాకప్పులో కూర్చుని ఉంటారు. 'వాళ్లు' మన సంగీతాన్ని మాత్రం అరెస్టు చేయలేరు అని పైన నినాదం. ఆ కాలపు కుర్రకారు 'వాళ్లు' అని ఎవరిని తిట్టేవారో, ఆ జాబితాలో ఇంత పెద్ద రికార్డు కంపెనీ కూడా ఉంటుందన్న సంగతి ప్రకటన రాసినవాళ్లకు తట్టినట్టు లేదు. తిరుగుబాటును సరుకు చేసి అమ్మిన ఆనాటి ప్రకటనల మీద థామస్ ఫ్రాంక్ 1997లో 'ద కాంక్వెస్ట్ ఆఫ్ కూల్' అని ఒక పుస్తకమే రాశాడు.

ఈ వెక్కిరింతకు ఒక ముఖం దొరికింది మాత్రం 2012లో. '30 రాక్' అనే అమెరికన్ హాస్య సీరియల్లో స్టీవ్ బుషెమీ ప్రైవేటు డిటెక్టివ్ పాత్ర వేశాడు. ఒక చిన్న దృశ్యంలో ఆయన టోపీ వెనక్కి తిప్పుకుని, స్కేట్‌బోర్డు భుజానేసుకుని, హైస్కూలు పిల్లల మధ్యకు వెళ్లి తోటి పిల్లల్ని పలకరించినట్టు పలకరిస్తాడు. మొహం నిండా ముడతలు. టీషర్టు మీద ఏదో ఒక బ్యాండ్ పేరు ఉండాల్సిన చోట ఉత్తి 'మ్యూజిక్ బ్యాండ్' అని ఉంటుంది. హాస్యమంతా ఆ టీషర్టులోనే ఉందంటాను. పిల్లలు బ్యాండ్ల పేర్లున్న టీషర్టులు వేసుకుంటారని అతనికి తెలుసు. ఏ బ్యాండో, ఎందుకో తెలియదు. ఏ కంపెనీ యాసలు పోయినా జనం ఆ బొమ్మనే తెచ్చి కింద అంటిస్తూ వచ్చారు.

2014కు వచ్చేసరికి వ్యవహారం ఒక కంపెనీ పొరపాటు స్థాయి దాటింది. ఆ ఏడాది జూన్‌లో షికాగో ప్రాంతపు పదహారేళ్ల నల్లజాతి అమ్మాయి కేలా న్యూమన్, ఆరు సెకన్ల వైన్ వీడియోలో తన కనుబొమలు ఎంత చక్కగా కుదిరాయో చెబుతూ 'ఆన్ ఫ్లీక్' అంది. మన పిల్లలు 'కేక' అన్నట్టు. మాట ఊరూరా పాకింది. అక్టోబర్‌లో ఐహాప్ అనే అల్పాహార హోటళ్ల గొలుసు 'పాన్‌కేక్స్ ఆన్ ఫ్లీక్' అని ట్వీట్ చేసింది. ఆ మూడు మాటలే, ముందూ వెనకా ఏమీ లేదు. ప్రియమైనవాళ్లను పిలిచే 'బే' అనే మాటను కూడా అదే ఏడాది తినుబండారాల కంపెనీలన్నీ ఎత్తుకున్నాయి. దాంతో ఆ ఏడాది చివర్లో 'బ్రాండ్స్ సేయింగ్ బే' అనే ట్విట్టర్ ఖాతా పుట్టింది. కంపెనీలు కుర్రభాష మాట్లాడిన పోస్టులన్నీ ఏరి ఒకచోట పెట్టడమే దాని పని. మధ్యమధ్యలో దాని వ్యాఖ్యలు కూడా ఉండేవి, ఆహా, కార్పొరేషన్ టీనేజ్ పిల్లలా మాట్లాడితే ఎంత బాగుందో, వెంటనే కొనాలనిపిస్తోంది అన్న ధోరణిలో.

అలా పక్కపక్కన చూస్తే విడిగా కనబడని సంగతి ఒకటి బయటపడుతుంది. హోటలు ఒకటి, చిప్స్ కంపెనీ ఒకటి, బీమా కంపెనీ ఒకటి. అందరిదీ ఒకే గొంతు. వ్యక్తిత్వం చూపించుకుందామని మొదలుపెట్టిన పని, అందరినీ ఒకే అచ్చులో పోసింది. అక్కడ తేలిన మరో సంగతి హాస్యానికి అందనిది. 'ఆన్ ఫ్లీక్' మాటతో హోటళ్లకు ప్రచారం దక్కింది, న్యూమన్‌కు ఏమీ దక్కలేదు. 2017లో సౌందర్య సాధనాల వ్యాపారం పెట్టుకోవడానికి ఆమె జనం దగ్గర చందాలు అడగాల్సి వచ్చింది. కుర్రభాష అని కంపెనీలు ఎత్తుకునే మాటల్లో చాలా భాగం అమెరికాలో నల్లజాతి పిల్లల నోట పుట్టినవే. అదే భాష మాట్లాడినందుకు ఆ పిల్లల్ని బడిలోనూ ఉద్యోగపు ఇంటర్వ్యూలోనూ చిన్నచూపు చూస్తారు, కంపెనీ మాట్లాడితే మాత్రం చలాకీతనం. పాన్‌కేకుల ట్వీట్‌ను చూసి నవ్విన నవ్వులో ఈ మంట కొంత ఉంది.

ఇంతవరకు రెండు కారణాలు కనబడ్డాయి, భాష రాకపోవడమూ భాష ఎత్తుకుపోవడమూ. చేజ్ పోస్టు ఈ రెంటిలో దేనికిందకీ రాదు. దాన్ని మరికాస్త దగ్గరగా చూడాలి.

ఆ సంభాషణలో మాట్లాడుతున్నది బ్యాంకు కాదు, 'బ్యాంకు ఖాతా'. మందలించే హక్కున్న దగ్గరి నేస్తం ఎవరైనా 'మూడు వీధులకు క్యాబెందుకురా' అంటే మనం నవ్వుకుంటాం. ఆ నేస్తం కుర్చీలో బ్యాంకు వచ్చి కూర్చుంది. అయితే ఖాతాలో డబ్బు తగ్గితే నేస్తానికి ఒరిగేదేమీ లేదు, బ్యాంకుకు ఉంది. అప్పట్లో చేజ్‌లో ఖాతాలో ఉన్నదానికి మించి ఖర్చుపడితే ఒక్కో లావాదేవీకి 34 డాలర్ల ఓవర్‌డ్రాఫ్ట్ రుసుము వేసేవారు. ఇంట్లో కాచుకున్న కాఫీలతో అది పూడాలంటే రోజులు పడుతుంది. మీ డబ్బు ఎటు పోతోంది అని బ్యాంకు వేళాకోళంగా అడిగిన ప్రశ్నకు ఉన్న జవాబుల్లో ఒకటి ఆ బ్యాంకే. పోస్టు ఆ ఒక్కటీ వదిలేసి మిగతావన్నీ చెప్పింది.

పైగా సమయం. సరిగ్గా 19 రోజుల ముందు, ఏప్రిల్ 10న, అమెరికా ప్రతినిధుల సభ కమిటీ ముందు జేపీ మోర్గాన్ చేజ్ అధిపతి జేమీ డైమన్ హాజరయ్యారు. ప్రతినిధి కేటీ పోర్టర్ ఆయన ముందు ఒక లెక్క పెట్టారు. అర్వైన్ పట్టణంలో ఆయన బ్యాంకులోనే గంటకు 16.50 డాలర్ల జీతానికి చేరే ఉద్యోగిని, ఒక చిన్న బిడ్డ. అద్దె, తిండి, బిడ్డ సంరక్షణ అన్నీ పోగా నెలకు 567 డాలర్లు తక్కువ పడుతోంది. ఆమె ఏం చేయాలో చెప్పండి అని అడిగారు. తెలియదు, ఆలోచించాలి అన్నారు డైమన్. అంతకు ముందు ఏడాది ఆయన జీతభత్యాలు మూడు కోట్ల పది లక్షల డాలర్లు. ఆ వీడియో లక్షల మంది చూశారు. మూడు వారాలు తిరక్కుండానే అదే బ్యాంకు, కాఫీ మానుకో అని జోకు వేసింది. 2008 నాటి ఆ 2,500 కోట్ల డాలర్లను బ్యాంకు మరుసటి ఏడాదే ప్రభుత్వానికి తిరిగి కట్టేసింది, ఆ మాట కూడా చెప్పడం న్యాయం. కానీ ఆ రోజు జనం అప్పు తీర్చారా లేదా అని లెక్క చూడటం లేదు. ఎవరు ఎవరికి చెబుతున్నారన్నదే చూశారు.

పోస్టు తీసేశాక చేజ్ ఇంకో పోస్టు పెట్టింది. సోమవారం ట్వీట్లు ఇంకాస్త బాగా రాయడమే మా ఈ సోమవారపు స్ఫూర్తి, సలహాలకు థాంక్స్ అని. మళ్లీ అదే సరదా గొంతు. దాన్ని వాళ్లు రాతలో దొర్లిన లోపంగానే చూశారని అర్థమవుతుంది.

నా అంచనాలో జనం వెక్కిరించేది ముసలితనాన్ని కాదు, వరస కలపడాన్ని. కుర్రభాష అంటే కొన్ని మాటల మూట కాదు. ఒకే ఈడువాళ్లు, ఒకే ఇక్కట్లలో ఉన్నవాళ్లు, ఒకరి మీద ఒకరికి పెత్తనం లేనివాళ్లు మాట్లాడుకునే తీరు. జీతమిచ్చేవాడు, రుసుము వేసేవాడు, ఓటు అడిగేవాడు ఆ తీరులో మాట్లాడితే మాటలెంత తాజాగా ఉన్నా మధ్యలో ఉన్న లెక్క కనబడుతూనే ఉంటుంది. 2015 ఆగస్టులో హిల్లరీ క్లింటన్ ప్రచార బృందం, మీ చదువు అప్పు మీకెలా అనిపిస్తోందో మూడు ఎమోజీల్లో చెప్పండి అని అడిగింది. ఎమోజీలు వాడడంలో ఏ తప్పూ లేదు. ఏళ్ల తరబడి తీర్చాల్సిన అప్పును మూడు బొమ్మల్లో చెప్పమనడమే జనాన్ని మండించింది. 2016లో మైక్రోసాఫ్ట్ తరఫున ఇంటర్న్‌లకు వెళ్లిన విందు ఆహ్వానం 'హే బే ఇంటర్న్' అని మొదలైంది, తిండీ తాగుడూ అన్నీ కుర్రమాటల్లోనే. ఉద్యోగం ఇవ్వాలా వద్దా అని తేల్చే చోటు నుంచి 'బే' అని పిలుపు వస్తే నవ్వాలో భయపడాలో ఆ పిల్లలకు తెలియదు. అది బయటపడ్డాక కంపెనీ తప్పు ఒప్పుకుంది.

ఈ వాదనకు గట్టి పరీక్ష, కంపెనీ వేసిన జోకు నిజంగా పండిన చోటు. 2019 జూలైలో జొమాటో హిందీలో ఒక ముక్క పెట్టింది, అప్పుడప్పుడూ ఇంటి తిండి కూడా తినాలర్రా అని. బయటి తిండి చేరవేసి బతికే కంపెనీ తన వ్యాపారానికే అడ్డొచ్చే మాట అంది, ఇంట్లో అమ్మ అనే మాట. జనం ముచ్చటపడ్డారు. వెంటనే యూట్యూబ్ ఇండియా, అమెజాన్ ప్రైమ్ వీడియో లాంటివన్నీ అదే వాక్యాన్ని తమ సరుకుకు తగ్గట్టు మార్చి దించాయి. ఒకరు రాత్రి మూడింటికైనా ఫోన్ పక్కన పెట్టి పడుకోండంటే, ఇంకొకరు అప్పుడప్పుడూ కేబుల్ టీవీ కూడా చూడండన్నారు. మొదటిదానికి నవ్వినవాళ్లే నాలుగోదానికి విసుక్కున్నారు. ఆఖరికి జొమాటోనే, అప్పుడప్పుడూ సొంతంగా మంచి ట్వీట్లు కూడా ఆలోచించుకోవాలర్రా అని ముగించింది. మాటల్లో తేడా పెద్దగా లేదు. మొదటివాడు తన సరుకు మీద తానే జోకు వేసుకున్నాడు, తర్వాతివాళ్లు వేసుకున్నది ఇంకొకరి జోకు. అయితే జొమాటోకు ఇది ఎల్లవేళలా చేతనైన విద్య అనుకోనక్కర్లేదు. 2017లో రెండేసి అక్షరాల హిందీ బూతులు గుర్తొచ్చేలా వంటకాల పేర్లు రాసి రోడ్ల మీద హోర్డింగులు పెట్టి, తిట్లు తిని, తీసేసుకున్న కంపెనీ కూడా అదే.

మన దగ్గర నాకు గుర్తున్న మంచి ఉదాహరణ కంపెనీది కాదు, పోలీసులది. 2024 మొదట్లో హైదరాబాద్ మాదాపూర్ రోడ్డు పక్కన భోజనాలు పెట్టే కుమారి ఆంటీ ఒక వీడియోతో ఊరంతటికీ తెలిసింది. మీది మొత్తం వెయ్యి అయ్యింది, రెండు లివర్లు ఎక్స్‌ట్రా అని ఆమె లెక్క చెప్పిన తీరు మీమ్‌గా మారింది. హైదరాబాద్ ట్రాఫిక్ పోలీసులు దాన్ని అందుకున్నారు. బండి నడుపుతూ ఫోన్ మాట్లాడుతున్న మనిషి ఫోటో పెట్టి, మీది మొత్తం వెయ్యి అయ్యింది, యూజర్ చార్జీలు ఎక్స్‌ట్రా అన్నారు. జనం నవ్వారు, పంచుకున్నారు. చేజ్ పక్కన పెట్టి చూస్తే కిటుకు తెలుస్తుంది. కుమారి ఆంటీ అసలు మాటలో ఆమె బిల్లు చెబుతోంది. పోలీసులు కూడా చెబుతున్నది బిల్లే. డబ్బు వసూలు చేసేవాళ్ల మాటను డబ్బు వసూలు చేసేవాళ్లే వాడుకున్నారు. 'మీది' అన్న మర్యాద కూడా చెక్కుచెదరలేదు. అదే పోలీసు శాఖ 'మావా, హెల్మెట్ ఏదిరా' అని ఉంటే కథ వేరేగా ఉండేది. ఇంగ్లీషులో అందరినీ ఒకే 'యూ'తో పిలిచి తప్పించుకోవచ్చు. తెలుగులో పోస్టు రాసేవాడు మొదటి వాక్యంలోనే నువ్వా మీరా అన్నది తేల్చుకోవాలి, ఎంత దగ్గరివాడినని చెప్పుకుంటున్నాడో అక్కడే దొరికిపోతాడు. జరిమానాల మీద జోకులేంటని ఆ పోలీసు పోస్టులకు చిరాకుపడేవాళ్లు లేకపోలేదు, ముఖ్యంగా చలానా కట్టి ఇంటికొచ్చినవాళ్లు.

వెక్కిరింత తగులుతుందని తెలిశాక కంపెనీలు ఊరుకోలేదు, తామే ముందుగా తమను వెక్కిరించుకోవడం నేర్చాయి. 2017లో డెన్నీస్ హోటళ్లవాళ్లు పాన్‌కేకుల ఫోటో పెట్టి, సిరప్‌ను పెద్దది చేసి చూడమన్నారు. అక్కడ చిన్న అక్షరాల్లో మరో మూల చూడమని ఉంటుంది, ఆ మూల నుంచి ఇంకో మూలకు. తిరిగి తిరిగి చివరికి చేరితే, బతుకు భయం నుంచి కాసేపు ధ్యాస మళ్లిందా అని ఒక కొంటె ప్రశ్న. అది అందరికీ నచ్చింది, నాకూ నచ్చింది. అది నచ్చడంతో దారి తెరుచుకుంది. 2019 ఫిబ్రవరి 3న, సూపర్ బౌల్ ఆట చప్పగా సాగుతున్న రాత్రి, సన్నీ డీ అనే పళ్లరసం కంపెనీ 'ఇక నా వల్ల కాదు' అని పోస్టు పెట్టింది. ఆట గురించే అన్నారేమో కానీ చదివినవాళ్లకు ఆత్మహత్య చీటీ మొదటి వాక్యంలా వినబడింది. మిగతా తినుబండారాల కంపెనీలు వరుసగా వచ్చి, ఏమైంది, మేమున్నాం అంటూ ఓదార్చాయి. పళ్లరసానికి దిగులేమిటి, కేకు దాన్ని ఓదార్చడమేమిటి! మాటలు అరువు తెచ్చుకునే దశ దాటి, పిల్లల కుంగుబాటునే అరువు తెచ్చుకునే దశకు వచ్చారు. ఇక్కడ జనం నవ్వలేదు, చాలామంది అసహ్యించుకున్నారు.

ఇన్ని ఎదురుదెబ్బలు తగిలినా ఇలాంటి పోస్టులు ఎందుకు ఆగవో తెలియాలంటే వాటిని తయారు చేసే గదిలోకి చూడాలి. రాసేది సాధారణంగా ఏజెన్సీలో పనిచేసే ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల కుర్రాడో అమ్మాయో. వాళ్లకు ఆ భాష వచ్చు. వచ్చే నెల పోస్టుల క్యాలెండర్ ఈ నెలలోనే నిండాలి. రాసిన ముక్క ఏజెన్సీలో పై అధికారికి, అక్కడి నుంచి కంపెనీ బ్రాండ్ మేనేజర్‌కి, కొన్నిచోట్ల లాయర్‌కి వెళ్లాలి. ఒకరు సరుకు పేరు కలపమంటారు, ఒకరు ఆఫర్ తేదీ పెట్టమంటారు, ఒకరు విరుపును తుడిచేస్తారు. భాష వచ్చినవాడికి 'ఈ పోస్టు వద్దు సార్' అనే అధికారం లేదు, ఆ అధికారం ఉన్నవాళ్లకు భాష రాదు. ట్రెండు వేడిగా ఉండగానే వాడుకోవాలని మన దగ్గర 'మూమెంట్ మార్కెటింగ్' పేరుతో పని వేగం పెంచారు. వేగం పెరిగితే తాజాదనం వస్తుంది. బ్యాంకు ఈ జోకు వేయొచ్చా అని అడిగే తీరిక మాత్రం పోతుంది.

నెలాఖరు నివేదిక ఉండనే ఉంది. అందులో ఎంగేజ్‌మెంట్ అనే గడిలో లైకులు, కామెంట్లు, షేర్లు కలిపి ఒకే అంకెగా వస్తాయి. ముచ్చటపడి పంచుకున్నవాడూ, బుషెమీ బొమ్మ అంటించి తిట్టినవాడూ అక్కడ ఒక్కో అంకె. ఐహాప్ 'ఆన్ ఫ్లీక్' ట్వీట్ ఎంత నవ్వులపాలైందో అంతగానూ పంచుకున్నారు, వేల మంది. మెప్పుదల ఎంత, తిట్లు ఎంత అని వేరుచేసే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి గానీ వాటికి వ్యంగ్యం సరిగా అందదు, 'ఆహా, ఏం పోస్టు పెట్టారండీ' అన్నది మెప్పు ఖాతాలో పడే అవకాశం ఎక్కువ. చేజ్ లాగా సెనేటర్ దాకా వెళ్తే తప్ప పోస్టు తీసేయమని ఎవరూ చెప్పరు. అంతకు తక్కువ వెక్కిరింతంతా గ్రాఫులో పైకి లేచిన గీతగా మేనేజర్‌కి చేరుతుంది. ఆయన దాన్ని చూసి, వచ్చే నెల క్యాలెండర్‌లో ఇలాంటివి ఇంకో నాలుగు వేయమంటాడు.